చార్టు ఏ డబ్బులో గీశారు?

2021 ఆఖరి రోజున నిఫ్టీ 17,354 దగ్గర ముగిసింది. ఏడాది తిరిగేసరికి అది 18,105. ఉక్రెయిన్ యుద్ధం, మండిపోయిన చమురు ధరలు, ప్రపంచమంతా పెరుగుతున్న వడ్డీలు, ఇన్నిటి మధ్య 4 శాతం పైచిలుకు లాభం అంటే మన మదుపరి ఊపిరి పీల్చుకున్న సంవత్సరమే. అదే నిఫ్టీని న్యూయార్క్‌లో కూర్చున్న ఫండ్ మేనేజర్ ఎలా చూశాడో లెక్కేద్దాం. మొదట్లో డాలర్‌కు సుమారు 74.3 రూపాయలు. 17,354ను దానితో భాగిస్తే 233.6 వస్తుంది. ఆఖర్లో డాలర్ 82.7 రూపాయలు. 18,105ను భాగిస్తే 218.9. అతనికి ఆ ఏడాది మన మార్కెట్ 6 శాతం పైగా నష్టం చూపించింది. కంపెనీలు అవే, తేదీలు అవే. మనకు లాభం, అతనికి నష్టం. రెండు లెక్కలూ సరైనవే.

ఆ ఏడాదే తెరమీద DXY అని కనిపించే డాలర్ ఇండెక్స్ జనవరిలో 96 దగ్గర మొదలై సెప్టెంబర్ 28 నాటికి 114.7 దాటింది. ఇరవై ఏళ్లలో అంత ఎత్తు చూడలేదు. వర్ధమాన దేశాల షేర్లన్నిటికీ కొలబద్దగా వాడే ఎంఎస్‌సీఐ ఎమర్జింగ్ మార్కెట్స్ ఇండెక్స్ ఆ ఏడాది 20 శాతానికి పైగా పడిపోయింది. మార్చిలో టన్ను 10,700 డాలర్లు దాటిన లండన్ రాగి జులైలో 7,000 దగ్గరికి జారింది. మార్చిలో ఔన్సు 2,050 డాలర్లు దాటిన బంగారం శరదృతువు నాటికి 1,630 కిందికి దిగింది. ఈ గీతలను ఒకదాని మీద ఒకటి పెట్టి చూసినవాళ్లకు అద్దంలో ప్రతిబింబంలా తోచింది. డాలర్ ఎక్కితే మిగతావన్నీ దిగుతాయి అన్న సూత్రం అప్పట్నుంచీ ప్రతి మార్కెట్ చర్చలోనూ వినిపిస్తోంది.

ఆ సూత్రంలో నిజం ఉంది. ఎంత నిజమో తెలియాలంటే ముందు ఆ ఇండెక్స్‌లో ఏముందో చూడాలి.

1973 మార్చిలో 100తో మొదలుపెట్టిన లెక్క ఇది. డాలర్ విలువను ఆరు కరెన్సీలతో పోలుస్తుంది. అందులో యూరో ఒక్కదానికే 57.6 శాతం బరువు. జపాన్ యెన్‌కు 13.6, బ్రిటిష్ పౌండ్‌కు 11.9, కెనడా డాలర్‌కు 9.1. మిగిలింది స్వీడన్ క్రోనా, స్విస్ ఫ్రాంక్. మొదట్లో పది కరెన్సీలుండేవి. 1999లో యూరో వచ్చినప్పుడు జర్మన్ మార్క్, ఫ్రెంచ్ ఫ్రాంక్, ఇటాలియన్ లిరా లాంటి ఐదింటి స్థానాన్ని అదొక్కటే తీసుకుంది. అంతకు మించి మార్పేమీ లేదు. అమెరికాతో అత్యధికంగా వ్యాపారం చేసే చైనాకు, మెక్సికోకు ఇందులో చోటు లేదు. రూపాయి, కొరియా వాన్, బ్రెజిల్ రియాల్ కూడా లేవు. ఒక్క వర్ధమాన దేశపు డబ్బు కూడా లేని బుట్ట ఇది.

దీని ఫలితం చిన్న లెక్కలో తెలుస్తుంది. యూరో 1.10 డాలర్ల నుంచి 1.045కు, అంటే 5 శాతం పడిందనుకోండి. మిగతా ఐదూ కదల్లేదనుకోండి. అంత మాత్రానికే డాలర్ ఇండెక్స్ దాదాపు 3 శాతం పెరుగుతుంది. అదే రోజు రూపాయి అంగుళం కదలకపోవచ్చు. ఇంకో వైపు, రూపాయి ఒక్కరోజులో 5 శాతం కూలినా ఇండెక్స్‌కు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. డాలర్ ఇండెక్స్ చార్టు చూస్తున్నామని మనం అనుకుంటాం కానీ సగానికి పైగా యూరో చార్టునే తలకిందులుగా చూస్తుంటాం.

2022 శిఖరం ఎలా వచ్చిందో చూడండి. మార్చిలో 0.25 శాతం దగ్గర మొదలుపెట్టిన అమెరికా ఫెడ్, జూన్ నుంచి వరసగా మూడు సమావేశాల్లో ముప్పావు శాతం చొప్పున వడ్డీ పెంచింది. ఇది డాలర్ వైపు కారణం. కానీ అదే వేసవిలో రష్యా గ్యాస్ ఆగిపోయి యూరప్ పరిశ్రమలు ఉక్కిరిబిక్కిరయ్యాయి. జులైలో యూరో ఇరవై ఏళ్లలో తొలిసారి డాలర్‌తో సమానమై, సెప్టెంబర్ చివరికి 0.96 కిందికి వెళ్లింది. జపాన్ వడ్డీలు పెంచనంది కాబట్టి యెన్ కూలింది. సెప్టెంబర్ 23న బ్రిటన్ ప్రభుత్వం డబ్బెక్కడి నుంచి వస్తుందో చెప్పకుండా భారీ పన్ను రాయితీలు ప్రకటించేసరికి 26న పౌండ్ 1.035 దగ్గరికి, చరిత్రలోనే కనిష్ఠానికి పడింది. రెండు రోజుల తర్వాత డాలర్ ఇండెక్స్ శిఖరం తాకింది. ఆ చివరి మెట్టు ఎక్కించింది లండన్ బడ్జెట్టే అనొచ్చు. దానికీ మన కంపెనీల లాభాలకీ సంబంధం వెతకడం వృథా.

మరి వర్ధమాన మార్కెట్లు ఎందుకు పడ్డాయి? యూరో, యెన్‌లను తోసిన వడ్డీ గాలే వీటినీ తోసింది. ఏడాది మొదట్లో ఒకటిన్నర శాతం ఇచ్చిన అమెరికా పదేళ్ల బాండు అక్టోబర్‌కు 4 శాతం దాటి ఇచ్చింది. రిస్కు లేకుండా 4 శాతం దొరుకుతున్నప్పుడు సావోపాలోలోనో ముంబయిలోనో షేర్లు పట్టుకుని కూర్చోవడానికి ఫండ్ మేనేజర్ మరింత రాబడి అడుగుతాడు. రాకపోతే అమ్ముతాడు. అమ్మిన రూపాయలను డాలర్లుగా మార్చుకుంటాడు, దాంతో రూపాయి ఇంకాస్త బలహీనపడుతుంది. 2022లో విదేశీ సంస్థలు మన షేర్ మార్కెట్ నుంచి నికరంగా 1.2 లక్షల కోట్ల రూపాయలు తీసుకెళ్లాయి.

ఇంకో దారి అప్పు. వర్ధమాన దేశాల్లోని కంపెనీలు, ప్రభుత్వాలు కలిపి తీసుకున్న డాలర్ అప్పు 4 లక్షల కోట్ల డాలర్లకు పైమాటే అని స్విట్జర్లాండ్‌లోని అంతర్జాతీయ చెల్లింపుల బ్యాంకు లెక్క. సంపాదన సొంత డబ్బులో, అప్పు డాలర్లలో. సొంత డబ్బు 10 శాతం పడితే అప్పు కాగితం మీద 11 శాతం పెరుగుతుంది. అప్పిచ్చిన బ్యాంకుకు ఆ కంపెనీ నిన్నటికన్నా బలహీనంగా కనిపించి, కొత్త అప్పు ఇవ్వడానికి వెనకాడుతుంది. ఆ ఏడాది శ్రీలంకకు ఏమైందో మనకు తెలుసు. 200 చిల్లర ఉన్న వారి రూపాయి డాలర్‌కు 360 వరకూ పడి, దేశమే విదేశీ అప్పు కట్టలేనంది.

ఇక్కడ చాలామంది దాటేసే సంగతి ఒకటుంది. ఎంఎస్‌సీఐ ఎమర్జింగ్ మార్కెట్స్ ఇండెక్స్‌ను మనం సాధారణంగా చూసేది డాలర్లలో. రాగి, బంగారం, బ్రెంట్ చమురు కూడా డాలర్లలోనే. అంటే ఈ చార్టులన్నిటికీ హారంలో డాలర్ కూర్చుంది. కుంచం పెద్దదైతే అవే గింజలు తక్కువ కుంచాలుగా తేలతాయి. ఒక్క షేరు ధర కూడా మారకపోయినా వాన్, రూపాయి, రియాల్ లాంటి అందులోని కరెన్సీలన్నీ 10 శాతం పడితే ఆ ఇండెక్స్ 10 శాతం పడి తీరుతుంది. ఆ పడిపోవడాన్ని డాలర్ చార్టుతో పోల్చి, చూశారా ఎంత సంబంధమో అనడం కొంతవరకు ఒకే సంఖ్యను రెండుసార్లు లెక్కపెట్టడమే.

దీన్ని విడదీసి చూసే ఏర్పాటు మనవాళ్లు ఎప్పుడో చేశారు. సెన్సెక్స్‌నే డాలర్లలోకి మార్చి చూపే డాలెక్స్-30 అనే సూచీ బొంబాయి స్టాక్ ఎక్స్చేంజీలో ఉంది. టీవీలో దాని ఊసు వినిపించదు. విదేశీ సంస్థ ఏ ముఖంతో మన మార్కెట్‌ను చూస్తోందో తెలియాలంటే మాత్రం చూడాల్సింది అదే. చార్టుల వెబ్‌సైట్లలో ఎవరైనా ఈ భాగహారం చేయించుకోవచ్చు. ట్రేడింగ్‌వ్యూలో అయితే వెతికే పెట్టెలో ఇలా కొట్టాలి:

```
NSE:NIFTY/FX_IDC:USDINR
```

ఈ గీతను, మామూలు నిఫ్టీ గీతను పక్కపక్కన పెడితే రెంటి మధ్య ఎడం రూపాయి తిన్నది. మిగిలింది కంపెనీలు, మదుపరులు చేసింది. 2022లో నిఫ్టీ రూపాయల్లో నిలబడిందంటే విదేశీయులు అమ్మిన షేర్లను ఎవరో కొన్నారని అర్థం. నెలనెలా సిప్‌ల ద్వారా మ్యూచువల్ ఫండ్లకు వచ్చిన సొమ్ము ఆ ఏడాది ద్వితీయార్ధంలో 13,000 కోట్ల రూపాయలకు చేరింది. 2013లో రూపాయి కూలినప్పుడు మన మార్కెట్‌కు ఈ స్థాయి ఆసరా లేదు.

సూత్రం పూర్తిగా తిరగబడిన దేశమూ ఉంది. డాలర్ ఇండెక్స్ ఇరవై ఏళ్ల గరిష్ఠానికి వెళ్లిన అదే 2022లో బ్రెజిల్ రియాల్ డాలర్ మీద 5 శాతం బలపడింది. వారి బొవెస్పా సూచీ సొంత డబ్బులో దాదాపు 5 శాతం, డాలర్లలో 10 శాతం పెరిగింది. ఫెడ్ కన్నా ఏడాది ముందే, 2021 మార్చిలోనే వడ్డీలు పెంచడం మొదలుపెట్టిన బ్రెజిల్ కేంద్ర బ్యాంకు 2022 ఆగస్టుకు 13.75 శాతానికి చేర్చింది. పైగా ఆ దేశం సోయా, ఇనుప ఖనిజం, చమురు అమ్ముకునేది. మనం చమురు కొనుక్కునేవాళ్లం. బలమైన డాలర్ అనే ఒకే వాతావరణంలో కొనేవాడి పంట, అమ్మేవాడి పంట ఒకలా పండవు.

సరుకుల చార్టుల్లో ఈ కొలత మాయ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2002 మొదట్లో డాలర్ ఇండెక్స్ 120 దగ్గర ఉండేది. 2008 మార్చిలో 71 దగ్గరికి, చరిత్రలో కనిష్ఠానికి వచ్చింది. అదే కాలంలో రాగి టన్ను 1,500 డాలర్ల నుంచి 8,000 దాటింది. డాలర్ పడింది కాబట్టి రాగి పెరిగిందని అప్పట్లో రాయనివాళ్లు లేరు. లెక్క చూద్దాం. డాలర్ విలువ 40 శాతం తగ్గితే, మిగతా ప్రపంచపు డబ్బులో ధర మారని వస్తువు డాలర్లలో 1.67 రెట్లు అవుతుంది. రాగి 5.3 రెట్లు అయ్యింది. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే ఇంకా 3.2 రెట్లు మిగులుతుంది. ఆ మిగిలింది చైనా కట్టుకున్న నగరాలది, వేసుకున్న కరెంటు తీగలది. డాలర్ గీత ఆ కథకు వెనక తెర మాత్రమే. ఇద్దరికీ బాణం గుర్తు ఒకే దిక్కు చూపినంత మాత్రాన ఒకరు ఇంకొకరిని నడిపించినట్టు కాదు.

2022లో రాగి కనిష్ఠం జులై మధ్యలో వచ్చింది. డాలర్ ఇండెక్స్ శిఖరం సెప్టెంబర్ చివర్లో. మధ్యలో రెండు నెలల పైచిలుకు రెండూ కలిసి పెరిగాయి. డాలర్ దిగడం మొదలయ్యాకే రాగి కొందామని కూర్చున్నవాడికి మొదటి విడత అందలేదు. ఎంఎస్‌సీఐ ఎమర్జింగ్ మార్కెట్స్ మాత్రం అక్టోబర్ చివర్లో, డాలర్ శిఖరానికి నెల తర్వాత అడుగు చూసింది. ఒకటి ముందు, ఒకటి వెనక. చమురు దారే వేరు. జూన్‌లో బ్రెంట్ 120 డాలర్ల పైన ఉన్నప్పుడు డాలర్ కూడా బలంగానే ఉంది. దిగుమతి చేసుకునే దేశానికి ఇంతకంటే చెడ్డ కలయిక ఉండదు, పీపా ధర డాలర్లలో పెరిగింది, ఆ డాలర్ రూపాయల్లో పెరిగింది.

బంగారం సంగతి మన ఇళ్లకు నేరుగా తగిలేది కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం. 2021 చివర్లో ఔన్సు సుమారు 1,829 డాలర్లు, 2022 చివర్లో 1,824. డాలర్ చార్టులో ఏడాది మొత్తానికి ఏమీ జరగలేదు. ఇప్పుడు మన ధర కట్టండి. ఔన్సుకు 31.1 గ్రాములు. పది గ్రాములకు మొదట 588 డాలర్లు, 74.3తో గుణిస్తే 43,690 రూపాయలు. అప్పటి దిగుమతి సుంకం, సెస్సు కలిపి 10.75 శాతం వేస్తే 48,400 దగ్గర తేలుతుంది. ఏడాది తర్వాత పది గ్రాములకు 586 డాలర్లు, 82.7తో గుణిస్తే 48,500 దగ్గర. డాలర్లలో పెరగని బంగారం రూపాయి వల్లే 11 శాతం పెరిగింది. పైగా రూపాయిని కాపాడుకోవడానికి 2022 జులై 1న ప్రభుత్వం సుంకాన్ని 15 శాతానికి పెంచింది. అది కూడా కలిపితే 55,770 అవుతుంది. మొత్తం 15 శాతం పెరుగుదల. ఆ ఏడాది చివర పెళ్లికి నగలు కొన్నవాళ్లు బంగారం పెరిగిందన్నారు. పెరిగింది బంగారం కాదు, డాలరూ సుంకమూ.

ఈ బంగారమే తర్వాత సూత్రాన్ని అడ్డంగా తోసేసింది. 2024లో డాలర్ ఇండెక్స్ 7 శాతం పెరిగింది. పాత లెక్క ప్రకారం బంగారం పడాలి. అది డాలర్లలోనే పావువంతుకు పైగా పెరిగింది. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా కేంద్ర బ్యాంకు విదేశాల్లో దాచుకున్న నిధుల్లో దాదాపు 300 బిలియన్ డాలర్ల విలువైనవి పాశ్చాత్య దేశాలు స్తంభింపజేశాయి. అది చూసిన మిగతా కేంద్ర బ్యాంకులు 2022, 2023, 2024లలో ఏటా వెయ్యి టన్నులకు పైగా బంగారం కొన్నాయి. వడ్డీ రేటు చూసి కొనే కొనుగోళ్లు కావవి. అలాంటి కొనుగోలుదారు వచ్చి కూర్చున్నప్పుడు డాలర్ చార్టు బంగారానికి దారి చూపదు.

ఇక ఎదురు దిక్కు పరీక్ష. 2025 జనవరిలో 110 తాకిన డాలర్ ఇండెక్స్ జూన్ చివరికి 97 కిందికి వచ్చింది. ఏ సంవత్సరపు మొదటి ఆరు నెలల్లోనూ 1973 తర్వాత అంత పడలేదు. వర్ధమాన మార్కెట్లకు పండగే అన్నారు, పండగే అయ్యింది. ఎంఎస్‌సీఐ ఎమర్జింగ్ మార్కెట్స్ ఆ ఏడాది 30 శాతం దాకా పెరిగింది. కొరియా సూచీ కోస్పి ఏకంగా 75 శాతం. మరి మనం? నిఫ్టీ 23,645 నుంచి 26,130కి, రూపాయల్లో పదిన్నర శాతం. కానీ డాలర్ ప్రపంచం మీద పడుతున్న ఆ ఏడాదే రూపాయి మీద ఎక్కింది. 85.6 నుంచి 90 దగ్గరికి వచ్చింది. డాలర్లలో మన లాభం 5 శాతం చిల్లరే.

కారణాలు డాలర్ ఇండెక్స్‌లో వెతికితే దొరకవు. ఆగస్టు చివర్లో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చింది. ప్రపంచపు డబ్బంతా కృత్రిమ మేధకు చిప్‌లు చేసే తైవాన్, కొరియా కంపెనీల వెంట పడింది. మన దగ్గర ఆ సరుకు లేదు, పైగా షేర్ల ధరలు అప్పటికే ఖరీదుగా ఉన్నాయి. విదేశీ సంస్థలు లక్షన్నర కోట్లకు పైగా అమ్ముకుని వెళ్లాయి. డాలర్ బలహీనపడితే మనకు వరద వస్తుందని లెక్కేసుకున్నవాళ్ల ముందు నుంచి ఆ వరద సియోల్ వైపు పోయింది.

డాలర్ ఎందుకు పెరుగుతోందన్నది ఎంత పెరిగిందన్న దానికంటే ముఖ్యం. అమెరికా ఆర్థిక వ్యవస్థ మిగతావాటికన్నా జోరుగా ఉంటే డాలర్ మెల్లగా నెలల తరబడి ఎక్కుతుంది, అలాంటి కాలంలో ఎగుమతులున్న దేశాలు బాగానే నెట్టుకొస్తాయి. భయం వల్ల ఎక్కితే నిటారుగా ఎక్కుతుంది. 2020 మార్చిలో కోవిడ్ భయంతో రెండు వారాల్లోపే ఇండెక్స్ 95 నుంచి దాదాపు 103కు పోయింది. షేర్లు, రాగి, చమురుతో పాటు బంగారాన్ని కూడా అమ్మి అందరూ డాలర్లు పట్టుకున్నారు. ఇండెక్స్ శిఖరం మార్చి 20న, నిఫ్టీ అడుగు 24న. అలాంటి రోజుల్లో మాత్రం ఆ సూత్రం అక్షరాలా పనిచేస్తుంది, అన్నీ ఒకే గుండె చప్పుడుతో కదులుతాయి. మిగతా రోజుల్లో ఏ దేశపు గుండె దానిది.

చార్టుల మీద చార్టులు పెట్టేవాళ్లు రెండు చోట్ల జాగ్రత్తపడాలి. ఎడమ వైపు ఒక కొలత, కుడి వైపు ఇంకో కొలత ఉన్న బొమ్మలో కొలతలను కాస్త సాగదీసి, కాస్త నొక్కి ఏ రెండు గీతలనైనా కవలలుగా చూపించొచ్చు. ఏ తేదీ నుంచి మొదలుపెట్టారన్నది కూడా గీసేవాడి ఇష్టమే. అందుకని స్థాయిలను కాకుండా వారం వారం వచ్చిన శాతం మార్పులను పోల్చాలి. ఏళ్ల తరబడి ఒకే దిక్కున పోయిన రెండు గీతలు స్థాయిల్లో గొప్ప సంబంధం చూపించి, వారపు మార్పుల్లోకి రాగానే నీరుగారిపోవడం మామూలే. ఆ పోలికనైనా ఏడాది ముక్కలుగా చూస్తే 2024 బంగారం లాంటి తెగిన చోట్లు బయటపడతాయి.

రెండోది, సరైన డాలర్‌ను ఎంచుకోవడం. ఫెడ్ తానే 26 కరెన్సీలతో ఒక విస్తృత డాలర్ సూచీ లెక్కగడుతుంది. చైనా యువాన్, మెక్సికో పెసో, మన రూపాయి అందులో ఉంటాయి. దాన్లోంచి వర్ధమాన దేశాల కరెన్సీలను మాత్రమే విడదీసి ఇంకో సూచీ కూడా ఇస్తుంది. సెయింట్ లూయిస్ ఫెడ్ వారి ఫ్రెడ్ వెబ్‌సైట్‌లో మొదటిది DTWEXBGS, రెండోది DTWEXEMEGS అన్న పేర్లతో ఉచితంగా దొరుకుతాయి. కొరియా, బ్రెజిల్, మన మార్కెట్ల పక్కన పెట్టి చూడాల్సింది ఈ రెండోదే. నిమిషం నిమిషానికి కదలదు కాబట్టి ట్రేడర్లకు దీని మీద మోజు లేదు. DXYకి ఉన్న ఆకర్షణలో సగం అది రోజంతా తెరమీద మినుకుమినుకుమంటూ ఉండటమే. నిఫ్టీ విషయంలోనైతే అంత దూరం కూడా వెళ్లక్కర్లేదు, రూపాయి డాలర్ మారకం చార్టు, బ్రెంట్ చమురు చార్టు పక్కన పెట్టుకుంటే మన మార్కెట్ వెనక తెర చాలావరకు కనిపిస్తుంది. DXY పడుతూ ఉండగా రూపాయి కూడా పడుతోందంటే, 2025లోలాగా, కారణం మన ఇంట్లోనో మన వ్యాపారంలోనో ఉందని అక్కడే తేలిపోతుంది.